వడ్డీ లెక్క ముందు బ్యాంకుతో, తర్వాతే పన్ను పట్టికతో

అమెరికాలో జనవరి ముగిసేసరికి మన బ్యాంకు నుంచి 1099-ఐఎన్‌టీ కాగితం వస్తుంది. ఏడాదిలో ఎంత వడ్డీ వచ్చిందో అందులో ఒక గడిలో ఉంటుంది. అదే అంకె ఐఆర్‌ఎస్‌కూ వెళుతుంది. మనం దాన్ని రిటర్నులో ఎక్కించి ముందుకు సాగిపోతాం. కొన్నేళ్లుగా ఇలా అలవాటు పడినవాళ్లం కాబట్టి, భారత్‌లోని ఎన్‌ఆర్‌ఓ ఖాతా విషయంలోనూ అదే తీరున ఆలోచిస్తున్నాం. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో వార్షిక పట్టిక ఉంది కదా, అందులో ఉన్న అంకె వేసేస్తే సరిపోతుంది అనుకుంటున్నాం. ఊళ్లో ఆడిటర్ గారికి పాస్‌వర్డు పంపి, "పోర్టల్‌లో ఏముంటే అదే వేసేయండి" అని చెప్పేవాళ్లు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు.

ఈ పద్ధతి మార్చుకోవాలన్నది నా వాదన. పన్ను శాఖ పట్టిక అసలు లెక్క కాదు, బ్యాంకు చెప్పినదానికి నకలు. అసలు లెక్క బ్యాంకు లెడ్జరులో ఉంటుంది. నకలులో వరుస తగ్గవచ్చు, ఒకే వరుస రెండుసార్లు పడవచ్చు, మరొకరి వరుస మన పేరున చేరవచ్చు. రిటర్ను వేసేముందు బ్యాంకు లెక్కను ఒక పక్క, పట్టికను ఇంకో పక్క పెట్టుకుని వరుసవరుసా సరిచూడటానికి ఒక సాయంత్రం చాలు. చూడకపోతే రావలసిన రిఫండు ఆగిపోవచ్చు, లేదంటే నోటీసు రావచ్చు. పైగా ఆ తప్పుడు అంకె అమెరికా రిటర్నులోకీ పాకుతుంది.

రెండు పట్టికలు, రెండు పనులు

మొదట పేర్ల తికమక తీర్చుకుందాం. ఫారం 26AS ఒకటి, ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక మరొకటి. 26AS పాతది. ఇప్పుడు అందులో ప్రధానంగా ఉండేది మన పాన్ మీద ఎవరు, ఏ తేదీన, ఎంత మొత్తంపై, ఎంత పన్ను కోసి ప్రభుత్వానికి కట్టారన్న వివరం. పన్ను కోయని వడ్డీ ఇందులో కనబడదు. ఏఐఎస్ 2021 నవంబరులో వచ్చింది. పన్ను కోసినా కోయకపోయినా బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, రిజిస్ట్రేషన్ కార్యాలయాలు మన గురించి పంపే సమాచారమంతా ఇందులోకి చేరుతుంది. వడ్డీకి సంబంధించి చూడాల్సిన కోడ్లు రెండు. సేవింగ్స్ వడ్డీకి SFT-016(SB), ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి SFT-016(TD).

అంటే 26AS కోసిన పన్నుకు సాక్ష్యం. ఏఐఎస్ వచ్చిన ఆదాయానికి శాఖ దగ్గరున్న సమాచారం. ఏ ఒక్కటి చూసినా సగం చూసినట్టే. ఈ రెంటికీ మూలమైన మూడో కాగితం మనం బ్యాంకును అడిగి తెచ్చుకోవాలి. అదే వడ్డీ ధ్రువపత్రం. చాలా బ్యాంకుల నెట్‌బ్యాంకింగ్‌లో ఆర్థిక సంవత్సరం ఎంచుకుని దించుకోవచ్చు. దాంతోపాటు పన్ను కోతకు బ్యాంకు ఇచ్చే ఫారం 16Aనూ, ఆ ఏడాది ఖాతా స్టేట్‌మెంటునూ దగ్గర పెట్టుకోవాలి.

ఇవి ఎప్పుడు చూడాలన్నదీ ముఖ్యమే. జనవరి నుంచి మార్చి దాకా కోసిన పన్ను వివరాలను బ్యాంకు మే 31లోగా శాఖకు పంపాలి. ఎన్నారైల ఖాతాలకు ఆ వివరాలు 27Q అనే త్రైమాసిక పత్రంలో వెళతాయి. SFT సమాచారానికీ మే 31 గడువు. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో పట్టిక తెరిస్తే చాలావరకు మూడు త్రైమాసికాలే కనబడతాయి. అది బ్యాంకు తప్పు కాదు, మనం తొందరపడటమే. జూన్ రెండో వారం దాటాక చూడటం మంచిది. ఏఐఎస్ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డు చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం ఎనిమిది అంకెలు. మధ్యలో ఖాళీ ఉండకూడదు.

ఒక కుటుంబం లెక్క

మాటల్లో కంటే అంకెల్లో చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం చేసే ఒక వ్యక్తిని ఊహించుకుందాం. గుంటూరు జిల్లాలో తన వాటా పొలం అమ్మిన డబ్బులో 20 లక్షల రూపాయలను 2024 ఏప్రిల్ 1న ఎన్‌ఆర్‌ఓ ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. వడ్డీ 7 శాతం, మూడు నెలలకోసారి ఎన్‌ఆర్‌ఓ సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. ఆ సేవింగ్స్ ఖాతాకూ త్రైమాసికానికి 1,500 రూపాయల వడ్డీ వస్తోంది. భారత్‌లో ఆయనకు ఇంకే ఆదాయమూ లేదు.

డిపాజిట్ మీద త్రైమాసిక వడ్డీ 35,000. ఎన్‌ఆర్‌ఓ వడ్డీపై 195 సెక్షన్ కింద బ్యాంకు 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్ కలిపి 31.2 శాతం కోస్తుంది. ఇక్కడ ఉంటున్నవారికి ఉన్నట్టు ఇంత మొత్తం దాటితేనే కోత అనే పరిమితి ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి లేదు. మొదటి రూపాయి నుంచే కోత. కాబట్టి 35,000లో 10,920 పోయి ఖాతాలో 24,080 పడింది. సేవింగ్స్ వడ్డీ 1,500లో 468 పోయి 1,032 మిగిలింది. ఏడాది మొత్తానికి అసలు వడ్డీ 1,46,000. కోసిన పన్ను 45,552. చేతికి వచ్చింది 1,00,448.

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పాస్‌బుక్కులో పడిన 1,00,448ని ఆదాయంగా చూపి, 26ASలో ఉన్న 45,552ని కోసిన పన్నుగా చూపేవాళ్లు ఉన్నారు. ఆదాయం కోతకు ముందున్న మొత్తం, అంటే 1,46,000. ఏ ఆదాయం మీద పన్ను కోశారో ఆ ఆదాయాన్ని రిటర్నులో చూపితేనే ఆ కోత జమకు అర్హత. 26ASలో 1,46,000 ఉండి రిటర్నులో లక్షే కనబడితే, బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం నుంచి లోపభూయిష్ట రిటర్ను అంటూ 139(9) సెక్షన్ కింద నోటీసు రావచ్చు. దానికి జవాబిచ్చే గడువు 15 రోజులు. నోటీసు ఎన్నడో వాడటం మానేసిన ఈమెయిలుకు వెళితే ఆ 15 రోజులు ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి.

ఇప్పుడు ఏఐఎస్ తెరుద్దాం. టీడీఎస్ భాగంలో 195 సెక్షన్ కింద 1,46,000 ఉంది. కిందికి వెళితే SFT భాగంలో సేవింగ్స్ వడ్డీ 6,000, డిపాజిట్ వడ్డీ 1,40,000 మళ్లీ కనబడుతున్నాయి. కొత్త ఆదాయమేమీ కాదు, ఆ 1,46,000నే బ్యాంకు రెండు వేర్వేరు పత్రాల్లో పంపింది. దాని కింద మరో వరుస ఉంది. ఇంకో బ్యాంకు నుంచి SFT-016(TD) కింద 18,000 రూపాయలు. దానిపై పన్ను కోత లేదు.

ఈ 18,000 ఏమిటి? ఆయన అమెరికా రాకముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, అమ్మను రెండో పేరుగా పెట్టి వేసుకున్న పాత డిపాజిట్. గడువు తీరినప్పుడల్లా తనంతట తనే పునరుద్ధరణ అవుతూ వస్తోంది. బ్యాంకు రికార్డుల్లో ఆయన ఇంకా భారత నివాసే. నివాసుల డిపాజిట్ వడ్డీపై 194A సెక్షన్ కింద, 2024-25లో 40,000 దాటితేనే బ్యాంకు పన్ను కోసేది. అందుకే ఇది 26ASలో ఎక్కడా లేదు, ఏఐఎస్‌లో మాత్రమే ఉంది.

ఇప్పుడు ఒకే మనిషికి నాలుగు అంకెలు తయారయ్యాయి. పాస్‌బుక్కు నమ్మితే 1,00,448. 26AS ఒక్కటే చూస్తే 1,46,000. ఏఐఎస్‌లో కనిపించినవన్నీ కూడితే 3,10,000. బ్యాంకు ధ్రువపత్రాలు రెండూ తెప్పించి సరిచూస్తే 1,64,000. సరైనది చివరిదే.

తేడా చిన్నదేమీ కాదు. 2024-25 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో మూడు లక్షల వరకు పన్ను లేదు. పాత విధానంలో రెండున్నర లక్షలు. 1,64,000 ఈ రెంటికీ లోపలే ఉంది కాబట్టి ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. కోసిన 45,552 మొత్తం వెనక్కి రావాలి. అదే 3,10,000 చూపితే పాత విధానంలో పన్ను పడుతుంది, కొత్త విధానంలోనూ పరిమితి దాటిపోతుంది. తక్కువ ఆదాయం ఉన్న నివాసులకు దొరికే 87A రాయితీ ఎన్నారైలకు వర్తించదు. లేని ఆదాయానికి పన్ను కట్టుకోవడమే అవుతుంది. 18,000 వదిలేస్తే పన్నులో తేడా రాదు గానీ, శాఖ దగ్గరున్న సమాచారాన్ని మనం దాచినట్టవుతుంది.

ఆదాయం పరిమితిలోపే ఉంది కాబట్టి రిటర్ను అక్కరలేదు అనుకోవడానికీ వీల్లేదు. ఏడాదిలో కోసిన పన్ను 25,000 రూపాయలు, ఆపైన ఉంటే రిటర్ను వేయడం తప్పనిసరి. ఎన్నారైలు ఐటీఆర్-1 వేయకూడదు. వడ్డీ మాత్రమే ఉన్నా ఐటీఆర్-2 వేయాలి.

వరుసలు ఎలా కలపాలి

సరిచూడటం మొత్తాలతో మొదలుపెట్టకూడదు. మొత్తం కలిసినా లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసి ఉండవచ్చు. ఒక కాగితం మీద మొదట మన ఖాతాలన్నీ రాసుకోవాలి. బ్యాంకు పేరు, ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు, ఖాతా రకం, మొదటి పేరు ఎవరిది అన్నవి చాలు. పాత పాస్‌బుక్కు మీద ఆంధ్రా బ్యాంకు అని ఉన్నా పట్టికలో యూనియన్ బ్యాంకు కనబడుతుంది, ఎందుకంటే 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఖాతా అయితే 2017 నుంచి స్టేట్ బ్యాంకు పేరునే వెతకాలి. విలీనం తర్వాత కొందరికి రెండు కస్టమర్ నంబర్లు మిగిలిపోయాయి. పాన్ ఒకదానికి జోడై, రెండోదానికి జోడవకపోతే రెండో నంబరు కింద ఉన్న వడ్డీ, పన్ను కోత మన పట్టికలోకే రావు.

తర్వాత ప్రతి ఖాతాకూ నాలుగు త్రైమాసికాల వడ్డీని, కోతను ధ్రువపత్రం నుంచి రాసుకుని, పక్కనే 26AS వరుసలు రాయాలి. అక్కడ మూడు విషయాలు చూడాలి. ఒకటి, సెక్షన్. ఎన్‌ఆర్‌ఓ ఖాతా అయితే 195 ఉండాలి. 194A అని ఉంటే ఆ ఖాతాను బ్యాంకు ఇంకా నివాసి ఖాతాగానే చూస్తోందని అర్థం. రెండు, స్థితి అక్షరం. F అని ఉంటే వివరం సరిపోయిందని. U అని ఉంటే బ్యాంకు చెప్పిన కోతకు తగిన చెల్లింపు ప్రభుత్వ ఖాతాలో సరిపోలలేదని. U వరుస మీద ధైర్యంగా రిఫండు అడిగితే ఆ మేరకు జమ దొరకకపోవచ్చు. మూడు, కోసిన మొత్తం, కట్టిన మొత్తం రెండూ ఒకటేనా అన్నది.

మూడు నెలలకోసారి చేతికి రాకుండా గడువు చివర ఒకేసారి వచ్చే క్యుములేటివ్ డిపాజిట్ల విషయంలో చాలామంది తడబడతారు. డబ్బు చేతికి రాలేదు కాబట్టి వడ్డీ లేదనుకుంటారు. కానీ బ్యాంకు ఏటా వడ్డీని లెక్కగట్టి జమ రాసి, దానిమీద పన్ను కోస్తూనే ఉంటుంది. ఐదేళ్ల డిపాజిట్ వడ్డీనంతా ఐదో ఏడు చూపితే, మొదటి నాలుగేళ్ల కోత ఆ ఏడు పట్టికలో ఉండదు. ఏడాదికేడాది ధ్రువపత్రం ప్రకారం చూపడమే సరైన పద్ధతి.

మరో వైపు, ఎన్‌ఆర్‌ఈ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాల వడ్డీకి ఎన్నారైగా ఉన్నంతకాలం భారత్‌లో పన్ను లేదు. ఆ వడ్డీ మీద కోత వరుస కనబడితే బ్యాంకు ఖాతా రకం తప్పుగా నమోదు చేసిందేమో అడగాలి. మినహాయింపు ఆదాయంగా రిటర్నులో చూపడం మాత్రం మరచిపోకూడదు.

తప్పు కనబడితే ఎవరిని అడగాలి

పోర్టల్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చేస్తే అంతా సరిపోతుందన్న నమ్మకం ఒకటి ఉంది. అది సగమే నిజం. ఏఐఎస్‌లో ప్రతి వరుస పక్కనా ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. మన ఉదాహరణలో రెండోసారి పడిన 6,000, 1,40,000 వరుసలకు Information is duplicate / included in other information అని ఎంచుకోవాలి. మరొకరి వడ్డీ మన పేరున పడితే Information relates to other PAN/Year అనేది ఉంది. ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పన్ను చెల్లింపుదారు సారాంశంలో వ్యవస్థ లెక్కించిన విలువ ఒకటి, మనం అంగీకరించిన విలువ ఒకటి పక్కపక్కన కనబడతాయి. బ్యాంకును అడిగారా, బ్యాంకు ఒప్పుకుందా అన్నది తెలిసే ఏర్పాటును 2024 మేలో చేర్చారు. అది మంచి మార్పే.

కానీ 26AS మన ఫీడ్‌బ్యాక్‌తో మారదు. కోసిన పన్ను వరుస తప్పయినా, లేకపోయినా, దాన్ని మార్చగలిగేది బ్యాంకు ఒక్కటే. అదీ 27Q పత్రాన్ని సవరించి మళ్లీ పంపినప్పుడే. అందుకని శాఖకు కాదు, బ్యాంకు శాఖా మేనేజరుకు రాయాలి. "నా టీడీఎస్ రాలేదు" అని ఒక వాక్యం రాస్తే మీ మెయిలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతూనే ఉంటుంది. ఖాతా నంబరు, పాన్, ఏ త్రైమాసికం, ధ్రువపత్రం ప్రకారం వడ్డీ ఎంత, కోత ఎంత, 26ASలో ఎంత కనబడుతోంది అని ఆరు వివరాలు రాసి, ధ్రువపత్రాన్నీ 26AS పేజీనీ జతచేసి, "27Q సవరించగలరు" అని స్పష్టంగా అడగాలి. సవరణ పత్రం ప్రాసెస్ అయి పట్టికలో కనబడటానికి సమయం పడుతుంది. జూన్‌లో చూసుకుంటే గడువులోపు పని అవుతుంది. గడువుకు రెండు రోజుల ముందు చూసుకుంటే చేయగలిగేది పెద్దగా ఉండదు.

ఉమ్మడి ఖాతాల దగ్గర కుటుంబాల్లో మాట పట్టింపులు రాకుండా ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. పట్టిక మొదటి పేరు చూస్తుంది, చట్టం డబ్బు ఎవరిదని చూస్తుంది. నాన్న తన పదవీ విరమణ డబ్బును "అబ్బాయి పేరున ఉంటే మంచిది" అని కొడుకును మొదటి పేరుగా పెట్టి డిపాజిట్ చేస్తే, వడ్డీ కొడుకు పాన్‌లో పడుతుంది. డబ్బు నాన్నదైతే ఆదాయం నాన్న రిటర్నులో రావాలి, కోత జమ ఆయనకు మారేలా బ్యాంకుకు డిక్లరేషన్ ఇవ్వాలి. అంతకంటే సులువు దారి, గడువు తీరినప్పుడు మొదటి పేరు మార్చుకోవడం. పాత నివాసి ఖాతాలను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవడమూ వాయిదా వేయకూడని పనే. విదేశీ మారక నిర్వహణ చట్టం కోరేదీ అదే.

అదే అంకె అమెరికా రిటర్నులో

ఇంతవరకు భారత్ సంగతి. అమెరికా పన్ను నివాసులకు ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా ఇక్కడ చూపాల్సిందే. భారత్‌లో మినహాయింపు ఉన్న ఎన్‌ఆర్‌ఈ వడ్డీకీ ఇక్కడ మినహాయింపు లేదు. 2015 జులైలో రెండు దేశాలు చేసుకున్న ఫాట్కా ఒప్పందం ప్రకారం భారతీయ బ్యాంకులు అమెరికా పన్ను నివాసుల ఖాతాల వివరాలను అందిస్తున్నాయి. అందులో వడ్డీ కూడా ఉంటుంది.

ఇక్కడ రెండు చిక్కులు. మొదటిది సంవత్సరం. భారత్ పట్టిక ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అమెరికా రిటర్ను జనవరి నుంచి డిసెంబరు దాకా. మన ఉదాహరణలో 1,46,000ని 2024 అమెరికా రిటర్నులో వేస్తే తప్పు. 2024 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా వచ్చిన మూడు త్రైమాసికాలు, అంటే 1,09,500 మాత్రమే 2024లోకి వస్తాయి. 2025 మార్చిలో పడిన 36,500 రూపాయలు 2025 రిటర్నుకు చెందుతాయి. పాత డిపాజిట్ వడ్డీనీ ఇదే తీరున విడగొట్టాలి, దానికి 2024 జనవరి నుంచి మార్చి దాకా వచ్చిన వడ్డీనీ కలపాలి. 26ASలో ప్రతి వరుసకూ లావాదేవీ తేదీ ఉంటుంది. రెండు ఆర్థిక సంవత్సరాల పట్టికలు పక్కన పెట్టుకుంటే క్యాలెండరు సంవత్సరం లెక్క సులువుగా తేలుతుంది. వరుసవరుసా సరిచూసిన కాగితం ఇక్కడ రెండోసారి పనికొస్తుంది.

రెండోది విదేశీ పన్ను జమ. భారత్‌లో 31.2 శాతం కోశారు కాబట్టి అంతా ఫారం 1116లో వేసి ఇక్కడి పన్ను తగ్గించుకుందామనుకుంటారు. ఐఆర్‌ఎస్ జమ ఇచ్చేది నిజంగా మిగిలిన పన్నుకే, వెనక్కి వచ్చేదానికి కాదు. మన ఉదాహరణలో 45,552 మొత్తం రిఫండు రావలసిందే కనుక ఇక్కడ జమ సున్నా. భారత్‌లో రిఫండు అడగకుండా వదిలేసి ఇక్కడ జమ తీసుకుందామన్నా కుదరదు, తప్పించుకోగలిగిన పన్నును స్వచ్ఛందంగా కట్టినట్టే లెక్కిస్తారు. ముందే జమ తీసుకుని తర్వాత రిఫండు పొందినవారు ఇక్కడి రిటర్ను సవరించాలి. భారత్‌లో ఆదాయం ఎక్కువ ఉండి పన్ను నిజంగానే పడేవారికి కూడా రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 11వ అధికరణం సాధారణంగా వడ్డీపై భారత్ పన్నును 15 శాతానికి పరిమితం చేస్తుంది. ఐఆర్‌ఎస్ నుంచి నివాస ధ్రువపత్రం ఫారం 6166 తెచ్చుకుని, భారత పోర్టల్‌లో ఫారం 10F నింపి బ్యాంకుకు ఇస్తే కోత మొదటే 15 శాతానికి తగ్గుతుంది. అలా చేస్తే రిఫండు కోసం ఎదురుచూసే మొత్తమూ తగ్గుతుంది.

బ్యాంకులకూ శాఖకూ ఒక మాట

ఈ భారమంతా ఖాతాదారుడి మీదే పెట్టడం న్యాయం కాదని నేను అనుకుంటున్నాను. ఎన్‌ఆర్‌ఓ ఖాతాదారుల వడ్డీ ధ్రువపత్రాన్ని త్రైమాసికాల వారీగా, క్యాలెండరు సంవత్సరానికి కూడా ఇవ్వడం బ్యాంకులకు పెద్ద పనేమీ కాదు. ఆ అంకెలు వాటి దగ్గర ఉన్నవే. టీడీఎస్ భాగంలో ఉన్న వడ్డీనే SFT భాగంలోనూ వచ్చినప్పుడు రెండూ ఒకటేనని పట్టికలోనే సూచించడం శాఖకూ సాధ్యమే. సారాంశంలో కొంతవరకు ఆ పని జరుగుతోంది. కానీ ఎక్కువమంది దించుకుని ఆడిటరుకు పంపేది పూర్తి పట్టికనే, కూడికలు జరిగేదీ దానిమీదే. విదేశాల్లోని తెలుగు సంఘాలు ప్రతినిధులను కలిసినప్పుడు వినతిపత్రాల్లో ఈ రెండు అంశాలు చేర్చడం ఉపయోగం.

అవి వచ్చేదాకా పని మనదే. 2025-26 మదింపు సంవత్సరానికి, అంటే 2024-25లో వచ్చిన ఆదాయానికి, ఆడిట్ అవసరం లేనివారి గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 16కు పొడిగించారు. ప్రతి ఏడూ పొడిగింపు ఉంటుందని లెక్కేసుకోవద్దు. రిటర్ను వేశాక 30 రోజుల్లోగా ధ్రువీకరించాలి. ఆధార్‌కు జోడైన భారత ఫోన్ నంబరు లేనివారు నెట్‌బ్యాంకింగ్ ద్వారా చేయవచ్చు, లేదా సంతకం చేసిన ఐటీఆర్-V కాగితాన్ని బెంగళూరుకు పోస్టు చేయవచ్చు. ధ్రువీకరించని రిటర్ను వేయని రిటర్నుతో సమానం. రిఫండు పడాల్సిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాను పోర్టల్‌లో ముందే ధ్రువీకరించి ఉంచాలి. రిఫండుతో పాటు వడ్డీ ఇస్తే అది వచ్చిన ఏడాది ఏఐఎస్‌లో కొత్త వరుసగా కనబడుతుంది. అదీ ఆదాయమే, మరుసటి రిటర్నులో చూపాలి.

ఈసారి ఆడిటర్ గారికి పాస్‌వర్డు పంపేటప్పుడు దానితోపాటు ఖాతాల జాబితా, ప్రతి ఖాతా వడ్డీ ధ్రువపత్రం, సరిపోలని వరుసలు గీత గీసిన 26AS కూడా పంపండి. "పోర్టల్‌లో ఏముంటే అదే" అనే బదులు "బ్యాంకు లెక్క ఇది, పట్టికలో తేడా ఇక్కడ" అని చెప్పండి. ఆయన పని తేలికవుతుంది. మన 45,552 మన ఖాతాకు చేరుతుంది.